తిరిగి వెనక్కి పంపండి

మా కొట్లో ఏ మెయిలైనా పంపేముందు నాకు చదివి వినిపించాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. కంప్యూటరు ముందు మనవరాలు కూర్చునేది, దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని నేను. అది ఇంగ్లీషులో గడగడా చదివి, తర్వాత తెలుగులో అర్థం చెప్పేది. నేను ఊఁ అన్నాకే మెయిలు కదిలేది. ఇప్పుడు ఆ ముక్కాలిపీట లోపల లేదు. కొట్టు ముందు గల్లాపెట్టె పక్కన వేసుకుని దాని మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది కొండపల్లి బొమ్మల వ్యాపారం. అమ్మకం బెజవాడ వన్‌టౌన్‌లో, తయారీ కొండపల్లిలో. మా ఆయన ఉన్న రోజుల్లో బయటి వ్యవహారమంతా ఆయనే చూసుకునేవారు. పోయాక కొట్టు నా చేతికొచ్చింది. కొండపల్లిలో పనివాళ్ళనీ, కర్రనీ మా అబ్బాయి చూసుకుంటాడు. నేను చదివింది నాలుగో తరగతి. తెలుగు ధారాళంగా చదువుతాను, కూడబలుక్కుని రాస్తాను. ఇంగ్లీషు మాత్రం బస్సు బోర్డుల మీద అక్షరాలు పోల్చుకునేంత వరకే.

ఆ రోజుల్లో ఊరికాని ఊరికి ఫోను చెయ్యాలంటే గొంతు చించుకోవాల్సొచ్చేది. అవతలివాడికి సగం వినపడేది, సగం గాలికి పోయేది. "సరుకు తిరిగి పంపండి, వెనక్కి, ఆఁ, వెనక్కండీ!" అని మా ఆయన అరిచిన అరుపులు వీధంతా వినేది. నేను పక్కన నిలబడి నేర్చుకున్న వ్యాపారం అదే. ఒక్కసారి చెప్పిన మాట అవతలికి చేరదు. రెండుసార్లు చెబితే చేరుతుంది. ఇంట్లోనూ అంతే. "తలుపు మూసి గడియ వెయ్యి. వేశావా? వేశావో లేదో మళ్ళీ ఇంకోసారి చూడు." నా కొడుకు అలానే పెరిగాడు, వాడి కూతురూ అలానే పెరిగింది.

ఆ కూతురే నేను చెబుతున్న మనవరాలు. ఇక్కడే బెజవాడలో ఎంబీఏ చదివింది. చదువవగానే బెంజి సర్కిల్ దగ్గర ఏదో ఆఫీసువాళ్ళు పిలిచారు. అది వెళ్ళలేదు. ఓ పొద్దున నేను కొట్టు ఊడుస్తుంటే వచ్చి, చీపురు నా చేతిలోంచి లాక్కుని, "నానమ్మా, నేను ఇక్కడే ఉంటాను. కానీ ఒక షరతు" అంది.

"జీతమా?"

"జీతం సంగతి నీ దగ్గర ఎత్తుతానా, నాకేమన్నా పిచ్చా? బయటివాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు నావి. హోటళ్ళతో, షాపులతో మాట్లాడేది నేను. అందులో నువ్వు వేలు పెట్టకూడదు."

ఆ సాయంత్రం వాళ్ళ నాన్న వస్తే, వాడి ఎదురుగానే ఒప్పుకున్నాను. ఆ ఆఫీసువాళ్ళకి ఇప్పుడు రాలేనని చెప్పేసింది. ఒప్పుకున్న మర్నాడే ముక్కాలిపీట తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నాను.

"నానమ్మా, షరతు!"

"రాసేది నువ్వే కదే. వినడం కూడా వేలు పెట్టడమేనా? కొట్టు నాది. కొట్లోంచి ఏం బయటికెళ్తుందో నాకు తెలియద్దా?"

అది నవ్వేసింది. ఆ నవ్వుని నేను ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

హైదరాబాదులో ఒక హోటళ్ళ కంపెనీ ఉంది. గదుల్లో దిగిన అతిథులకి జ్ఞాపికగా ఇవ్వడానికి చిన్న అంబారీ ఏనుగులు మా దగ్గర కొంటారు. పోయిన వానాకాలం ఒక విడతలో కొన్ని ఏనుగులకి దంతాల దగ్గర అతుకు లేచింది. కొండపల్లి బొమ్మ ఒకే ముక్క కాదు. కాళ్ళు, తొండం, దంతాలు అన్నీ విడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద. అతుకు లేచిన బొమ్మలు మాకు పంపించమని రాయాలి. మనవరాలు రాసి చదివింది. "ప్లీజ్ రిటర్న్ ద పీసెస్" అని ఏదో వచ్చింది.

"అంటే?"

"దయచేసి ఆ బొమ్మలు వెనక్కి పంపండి అని."

"వెనక్కి అన్నది ఎక్కడుంది అందులో?"

"రిటర్న్‌లోనే ఉంది నానమ్మా."

"లోపలెక్కడో ఉంటే వాళ్ళకెలా కనపడుతుందే? బయటికి రాయి. తిరిగి వెనక్కి పంపమను."

"అలా రాస్తే ఎక్కువవుతుంది. రిటర్న్ అంటేనే తిరిగి ఇవ్వడం. మళ్ళీ బ్యాక్ అని పెడితే..."

"ఎక్కువైతే నీ సొమ్మేం పోయింది? మెయిలుకి మాటకింతని పుచ్చుకుంటున్నారా ఏం?"

అది నా మొహం వంక ఒకసారి చూసి, ఒక్క వేలితో టకటకమని చిన్న మాట ఒకటి కొట్టింది. నాలుగు అక్షరాలు. అవి తెర మీద ఒక్కొక్కటే పుడుతుంటే నేను తృప్తిగా చూశాను.

తర్వాత రంగుల గొడవ వచ్చింది. బొమ్మల రంగు చేతికంటుతుందా అని ఆ హోటలువాళ్ళు అడిగారు. అంటదని రాశాం. కొన్నాళ్ళకి మళ్ళీ అదే అడిగారు. నాకు ఒళ్ళు మండింది.

"మళ్ళీ ఇంకోసారి చెబుతున్నాం, అంటదు, అని రాయి."

"రిపీట్ అంటే మళ్ళీ చెప్పడమే నానమ్మా. ఇంకో మళ్ళీ అక్కర్లేదు."

"వాళ్ళు అడిగింది రెండోసారి. అందుకని మనకీ రెండు మళ్ళీలు."

"రెండోసారి చెప్పడాన్నే రిపీట్ అంటారు. ఇది మొదటి రిపీటే. మూడోసారి అడిగితే అప్పుడు పెడతాలే, రిపీట్ అగైన్ అని. అప్పుడైతే కనీసం లెక్కకి సరిపోతుంది."

"మూడోసారి అడగనియ్యకుండా ఉండటానికే ఇప్పుడు పెట్టమంటున్నా."

పెట్టింది. దసరా కొలువు బొమ్మల కోసం ఆర్డర్లు తొందరగా ఇవ్వమన్నప్పుడూ ఇదే తంతు. పొణికి కర్ర పచ్చిగా ఉంటే పనికిరాదు, బాగా ఆరాలి. అంచేత ముందుగానే ముందస్తు ప్లాను వేసుకోండని చెప్పమన్నాను. "ప్లాను వెనకాల వేస్తారా నానమ్మా ఎవరన్నా?" అంది. "వేస్తారు. ఆ హోటలువాళ్ళు వేస్తారు" అన్నాను. అడ్వాన్స్ ప్లానింగ్ అని పెట్టింది.

మొదట్లో ఇలా వాదించేది. పోను పోను మానేసింది. చదవడం పూర్తయ్యాక నా వైపు తిరిగి, "ఎక్కడ ఒత్తమంటావు?" అని తనే అడిగేది. నేను చెప్పినచోటల్లా ఒత్తేది. దారికొచ్చింది అనుకున్నాను.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మక్కు విషయంలో నేను మహా పిసినారిని. కొండపల్లి వెళ్ళినప్పుడల్లా పనివాళ్ళ పక్కన నిలబడి, అతుకులోంచి పైకి పొంగిన మక్కుని వేలితో తీసి మళ్ళీ గిన్నెలో వేస్తాను. "అతుకు లోపల ఉండాలిరా. పైకి పొంగిందంటే అది బలం కాదు, దండగ. ఆరాక మళ్ళీ దాన్ని గీకడానికి ఒక మనిషి" అంటాను. మాటల్లో మాత్రం ఆ పొదుపు నాకు ఎన్నడూ తోచలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఆ హోటళ్ళ కంపెనీకి సరుకు కొనే మేనేజరు మారాడు. కొత్తాయన బెజవాడలో వేరే పని మీద వస్తూ, మా కొట్టు కూడా చూస్తానని కబురు పెట్టాడు. మనవరాలు రెండ్రోజుల ముందు నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. అప్పటిదాకా మేం సరుకిస్తున్నది వాళ్ళ ఒక్క హోటలుకే. మిగతా హోటళ్ళకి కూడా మా సరుకే తీసుకోమని ఆయన్ని ఎదురుగా అడగాలని దాని ఆశ.

"నేనే అడుగుతా నానమ్మా. నువ్వు మధ్యలో మాట్లాడకు."

"నేనెందుకు మాట్లాడతానే" అన్నాను.

ఆయన వచ్చాడు. మన తెలుగాయనే, మర్యాదస్తుడు. బొమ్మలన్నీ చేతిలోకి తీసుకుని చూశాడు. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ తలకిందులు చేసి, మొల దగ్గర కట్టిన తాడు చూసి మురిసిపోయాడు. కాఫీ తెప్పించాను. మూడు కప్పులు చెప్పకుండా రెండు చెప్పి మూడింటిలో పోశాను, అది నా అలవాటు. ఆయన కాఫీ తాగుతూ మనవరాలి వైపు చూసి నవ్వాడు.

"మెయిల్స్ రాసేది మీరేనామ్మా? మీ మెయిల్స్ మా ఆఫీసులో చాలా ఫేమస్."

మనవరాలి మొహం విప్పారింది. నాదీ.

"అంటే, ఇంగ్లీషు శుభ్రంగా ఉంటుందండీ. చక్కగా నడుస్తుంటుంది. ఉన్నట్టుండి మధ్యలో ఒక రిటర్న్ బ్యాక్ వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఒక రిపీట్ అగైన్. మా కుర్రాళ్ళు క్యాంటీన్‌లో తిన్న ప్లేట్లు పెడుతూ 'రిటర్న్ బ్యాక్, రిటర్న్ బ్యాక్' అంటుంటారు. అడ్వాన్స్ ప్లానింగ్ వచ్చిందంటే ఓహో కొండపల్లి ఏనుగులు వచ్చాయిరా అంటారు."

ఆయన నవ్వాడు. ఎవ్వరం నవ్వకపోయేసరికి సర్దుకున్నాడు.

"పెద్ద తప్పేం కాదండీ. అర్థం అవుతూనే ఉంటుంది. ఉన్న మాటనే పక్కన ఇంకోసారి పెట్టడం, అంతే. కాకపోతే చదివేవాళ్ళకి, రాసినవాళ్ళు ఒకసారి చూసుకోకుండా పంపేశారనిపిస్తుంది. మా పై ఆఫీసుకి పంపాల్సి వస్తే నేనే అవి తీసేసి పంపుతుంటాను."

మనవరాలు నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది. ఆ చూపులో నిందేమీ లేదు. నేనేమైనా అంటానేమోనని చూసింది, అంతే.

అన్నాను.

"ఏమే, ఇదా నువ్వు వెలగబెట్టిన చదువు? ఇంత చదివించి కూర్చోబెడితే ఊళ్ళోవాళ్ళు కంచాలు కడుగుతూ మనల్ని చూసి నవ్వుతున్నారా? మీ తాత పేరు మీదున్న కొట్టే ఇది!"

"అయ్యయ్యో, అమ్మగారూ, నేను సరదాకి అన్నానండీ" అని ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"మీరుండండి బాబూ. ఇవాళ్టితో సరి. రేపట్నుంచి నువ్వు మెయిళ్ళు ముట్టుకోకు. రాయడం వచ్చినవాళ్ళ చేత రాయించుకుంటాను."

 అది ఆయనకిద్దామని తీసిపెట్టిన ఏనుగుని కాయితంలో చుట్టింది. కొత్త రకం మూడు బొమ్మలు నమూనాగా పెట్టెలో సర్దింది. రెండు చేతులతో ఆయనకి అందించి, "చూసి చెప్పండి సార్" అంది. అడగాలనుకున్నది అడగలేదు. ఆయన వెళ్ళిపోయాడు. మిగిలిన కాఫీ మీద తొరక కట్టింది.

ఆ మాటలు నావేనని ఆ క్షణంలో నాకు తెలియదా అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పను. నేను చెప్పింది తెలుగు. తప్పు దొర్లింది ఇంగ్లీషులో. ఇంగ్లీషు దాని వాటా. నా లెక్క అంత సూటిగా ఉంది. ఆయన బ్యాక్ అన్నప్పుడు లోపలెక్కడో చురుక్కుమంది, నిజమే. చీమ కుట్టినచోట తుడుచుకున్నట్టు తుడిచేసుకున్నాను.

మా వెనక వీధిలో ఒక మాస్టారున్నారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకి ఆఫీసు ఉత్తరాలు రాయడం నేర్పుతారు. మర్నాడు ఆయన్ని పిలిపించాను. కంప్యూటరు ముందు ఆయన, పక్కన ముక్కాలిపీట మీద నేను. మనవరాలు వెనక గదిలో బొమ్మలకి కాయితాలు చుడుతోంది. కాయితం గరగరమని వినపడుతోంది. వినాలనే ఆ గది తలుపు తెరిచి ఉంచాను. మెయిలంటే ఎలా రాయాలో దానికీ తెలియాలని.

"రాయండి మాస్టారూ. నిన్న పట్టుకెళ్ళిన నమూనా బొమ్మలు చూడటం అయ్యాక మాకు తిరిగి వెనక్కి పంపించమనండి."

ఆయన టైపు చేసి చదివారు. సన్నటి మాట, చప్పున అయిపోయింది.

"వెనక్కి అన్నది ఏదండీ?"

"రిటర్న్‌లోనే ఉందండీ."

ఆ మాట నేనిదివరకు విన్నదే. ఇదే పీట మీద కూర్చుని విన్నదే. వెనక గదిలో కాయితం చప్పుడు ఆగిపోయింది.

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"లోపల ఉంటే ఉండనివ్వండి. పైకి కూడా ఒకటి పెట్టండి. ఉంటే నష్టమేంటి?"

"పెద్దమ్మగారూ, అది నేను రాయనండీ."

"రాయమంటున్నది నేను కదా?"

"చెప్పింది మీరే. కానీ వేళ్ళు నావి. అవతలివాడు నవ్వేది రాసినవాణ్ణి చూసి. మా పిల్లలకి మొదటిరోజు చెప్పే పాఠమే ఇది. రిటర్న్‌కి బ్యాక్ అక్కర్లేదు, రిపీట్‌కి అగైన్ అక్కర్లేదు, ప్లానింగ్‌కి అడ్వాన్స్ అక్కర్లేదు."

"అడ్వాన్స్ పేమెంట్ అని అందరూ రాస్తారుగా?" నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"అది సరైనదేనండీ. డబ్బు ముందూ ఇవ్వొచ్చు, సరుకు అందిన తర్వాతా ఇవ్వొచ్చు. ముందే కావాలంటే ఆ మాట చెప్పాల్సిందే. ప్లాను అలా కాదు కదా, ఎప్పుడైనా ముందే వేస్తాం. తీసేస్తే అర్థం మారుతుందా అని చూసుకోవాలి. మారితే ఉంచాలి, మారకపోతే అది బరువు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది ఇంగ్లీషు రాని వాళ్ళు చేసే తప్పు కాదండీ. బాగా వచ్చినవాళ్ళూ చేస్తారు. అవతలివాడు వింటాడో లేదోనని అనుమానం ఉన్నవాళ్ళు ఇంకా చేస్తారు."

మాస్టారికి కాఫీ తెప్పించాను. నిండు కప్పే. ఆయన తాగి వెళ్ళారు.

ఆయన రాయనన్నారు. ఆయనకి నాతో చుట్టరికం లేదు, నా ఉప్పు తినడం లేదు, అననిచ్చాను. అదే మాట నా మనవరాలు అంటే 'నీ సొమ్మేం పోయింది' అన్నాను. దాని వేళ్ళతో నా మాట రాయించి, దానికొచ్చిన నవ్వు దాన్నే మోయమన్నాను. వెనక గదిలోకి వెళ్దామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళి, ఏం మొహం పెట్టుకుని అని ఆగిపోయాను. అది తల వంచుకుని ఏనుగు తొండం చుట్టూ కాయితం తిప్పుతోంది. తల ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే కొండపల్లి బస్సెక్కి అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళింది నిజానికి సలహా కోసం కాదు. వాడి చేత దానికో మాట చెప్పించి, నేను తల వంచకుండా బయటపడదామని. ఆ మాట కూడా రాయాలి కదా.

వాడు కర్ర దుంగల మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "ఆ బెంజి సర్కిల్ ఆఫీసుకి అది ఫోను చేసిందమ్మా. చోటు ఒకటి మళ్ళీ ఖాళీ అయిందట. చెబుతానంది" అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? షరతు నా ఎదురుగానే ఒప్పుకున్నావు."

"ఆ మాటలు నేను చెప్పినవే అని నీకు తెలుసా?"

"మొదటి నెల్లోనే చెప్పిందమ్మా నాకు. పంపేముందు తీసెయ్యరాదే, మీ నానమ్మకేం తెలుస్తుంది అన్నాను. అలా వద్దు నాన్నా, నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మోసం చేసినట్టవుతుంది అంది. తను ఒత్తమన్నచోట ఒత్తకపోతే నానమ్మ చిన్నబుచ్చుకుంటుంది అంది."

పక్కనే ఒక కుర్ర పనివాడు ఏనుగుకి దంతం అతుకుతున్నాడు. మక్కు పైకి పొంగి కారుతోంది. నన్ను చూసి, తిట్టు వస్తుందని ముందే తల దించుకున్నాడు. నేను తిట్టలేదు, వేలు పెట్టి తియ్యలేదు. వాడు తల ఎత్తి వింతగా చూశాడు.

కొట్టుకి తిరిగొచ్చేసరికి మనవరాలు గల్లా దగ్గర ఉంది. నిలబడే చెప్పాను.

"ఆ మేనేజరుకి ఒక మెయిలు రాయవే. ఆ మాటలు నావని. నీకొచ్చు, నేనే రాయనివ్వలేదని."

"వద్దు నానమ్మా."

"నేను చెప్పేది..."

"కొనేవాళ్ళకి ఇంటి గొడవలు రాయరు. బాగుండదు." కోపంగా అనలేదు. పనిచేసే మనిషి పని సంగతి చెప్పినట్టు చెప్పింది. అది నిజమని నాకూ తెలిసింది. ఆ మెయిలు కూడా నా కోసమే రాయించుకోబోయాను. మళ్ళీ దాని వేళ్ళతోనే.

"అయితే ఫోను కలుపు. నేను మాట్లాడతాను."

"నానమ్మా, ఎందుకిప్పుడు..."

"ఆయన ముందు నిన్ను అన్నాను. ఆయన ముందే దించుకోవాలి. కలుపు."

కలిపింది. నాకు ఫోనులో అరవడం అలవాటు. ఆ రోజు మెల్లగానే మాట్లాడాను.

"బాబూ, కొండపల్లి బొమ్మల కొట్టు నుంచి. ఆ రెండేసి మాటలు మా అమ్మాయివి కావండీ, నావి. అది వద్దంటుంటే నేనే పెట్టించాను. నిన్న దాన్ని అన్నది తప్పండీ."

 అవతల ఆయన మెల్లగా నవ్వాడు. "అలాగాండీ! అయితే మా కుర్రాళ్ళకి చెప్పాలి, అవి పెద్దావిడగారి మాటలురా అని."

 రేపట్నుంచి ఆ క్యాంటీన్‌లో కంచాలు పెడుతూ నా గొంతు అనుకరిస్తారు కాబోలు.

"చెప్పండి బాబూ. తప్పకుండా చెప్పండి. ఇంకోటి, మా అమ్మాయి మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకుంది. నా మూలంగా అడగలేకపోయింది."

ఫోను దాని చేతిలో పెట్టి పక్కకి జరిగాను. అది ఒక్క క్షణం నన్ను చూసి, మిగతా హోటళ్ళ సంగతి అడిగింది. నాలుగు మాటల్లో అడిగేసింది. ఏ హోటలుకి ఏ బొమ్మ బాగుంటుందో, సరుకు ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అన్నీ వివరంగా మెయిలు పెట్టమన్నాడట ఆయన. పై ఆఫీసుకి ఉన్నదున్నట్టు పంపుతానన్నాడట.

అది కంప్యూటరు ముందు కూర్చుంది. నా కాళ్ళు వాటంతటవే ముక్కాలిపీట వైపు వెళ్ళాయి.

"నానమ్మా" అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఈసారి చదివి వినిపించను."

"సరే."

"ఈసారే కాదు."

"ఆ ఆఫీసుకి వెళ్తావా?"

"వెళ్ళనని వాళ్ళకి చెప్పాలంటే నాకు ఇది కావాలి."

ముక్కాలిపీట ఎత్తుకుని కొట్టు ముందుకి తెచ్చేశాను. ఎత్తుతుంటే ఒక కాలు గుమ్మానికి తగిలి చప్పుడైంది. లేచి సాయం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. టకటకలు ఆగలేదు.

ఆ మెయిల్లో ఏముందో నాకు తెలియదు. జవాబు వచ్చిన రోజు బయటికొచ్చి, "ఒప్పుకున్నారు నానమ్మా" అంది. బెంజి సర్కిల్ వాళ్ళకి రానని ఆ సాయంత్రమే చెప్పింది. ఏమని ఒప్పుకున్నారు, ఎన్ని హోటళ్ళు, మళ్ళీ ఇంకోసారి చెప్పు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది ఇంకొంచెంసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. కూర్చోమంటుందని కాదు గానీ, పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. అడిగే మొహం నాకు లేదు.

మొన్న ఒకావిడ పిల్లవాడికి బొమ్మ కొంటూ, రంగు చేతికంటుతుందా అని అడిగింది. అంటదన్నాను. డబ్బులిస్తూ మళ్ళీ అడిగింది.

"అంటదమ్మా. మళ్ళీ ఇం..."

అక్కడికక్కడే నోరు మూసుకున్నాను. లోపల టకటకలు ఒక్క క్షణం ఆగాయి. ఆవిడ నా వంక చూస్తోంది. చిల్లర ఆవిడ చేతిలో పెట్టాను. లోపల మళ్ళీ టకటకలు మొదలయ్యాయి.